చివరి అధ్యాయానికి తగ్గే వేగం

మిరపక్కకు కోపం వస్తే ముందు చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేస్తుంది. చేతిలో ఉంచుకుంటే ఏం చేస్తుందోనని ఆమెకే అనుమానం. ఆ మంగళవారం పొద్దున పది గంటలకు బల్లమీదికి వెళ్ళిన స్క్రూడ్రైవరు బుధవారం మధ్యాహ్నం దాకా మళ్ళీ చేతిలోకి రాలేదు. వర్క్‌షాపులో అందరూ దాన్ని చూశారు. చూసి ఎవరి పని వాళ్ళు తలొంచుకుని చేసుకున్నారు.

మిరపక్క అన్నది పెట్టిన పేరే గాని పుట్టిన పేరు కాదు. పుట్టిన పేరు జీతాల చీటీలో తప్ప ఎక్కడా వినపడదు. చూపులేని వాళ్ళకు వినే పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయం ఒకటుంది. నవలలు, పాఠ్యపుస్తకాలు, చట్టాల పుస్తకాలు ఎవరో ఒకరు ఓపిగ్గా పైకి చదివితే వాటిని సీడీలకెక్కించి పాఠకులకు పంపుతారు. సీడీతో పాటు దాన్ని పాడించే ప్లేయరు కూడా ఇస్తారు. కిందపడి, కాఫీ ఒలికి, మనవళ్ళు బొమ్మనుకుని తిప్పేసి, ఆ ప్లేయర్లు ఏదో ఒకరోజు మూగబోతాయి. అలా మూగబోయినవన్నీ గ్రంథాలయం వెనక గదికి వస్తాయి. ఆ గదిలో కిటికీ పక్క బల్ల మిరపక్కది. ఇరవై రెండేళ్ళుగా ఆమెదే.

మొదట అట్టపెట్టెలు కట్టడానికి చేరింది. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ బయటికి పోతే పాడైపోయిన ప్లేయర్లను విప్పి లోపల ఏముందో చూసేది. అప్పటి ముసలి మేస్త్రి ఒకరోజు పట్టుకున్నాడు. తిడతాడనుకుంటే, "విప్పడం ఎవరైనా విప్పుతారు, మూసి చూపించు" అన్నాడు. మూసి చూపించింది. ప్లేయరు పాడింది కూడా. ఆ నెలలోనే ఆమెకు బల్ల ఇచ్చారు. ఆడమనిషికి తీగలు అతికించే టంకం పనేమిటని మూతులు ముడిచిన వాళ్ళే ఏడాది తిరక్కముందు తమ ఇంటి రేడియోలు చాటుగా తెచ్చి ఆమె బల్లకింద పెట్టేవాళ్ళు. ఆమె ఒక్కొక్కరికీ నాలుగు చీవాట్లు పెట్టి, బాగుచేసి ఇచ్చేది. చీవాట్లే కూలి అనుకునేవాళ్ళు వాళ్ళు.

పక్క బల్ల ఆమె తమ్ముడిది. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నోట్లో నాలుక లేని మనిషి. అంతకుముందు చేసిన రెండు ఉద్యోగాలు పోయి ఇంట్లో దిగాలుగా కూర్చుంటే మిరపక్కే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. టంకం కడ్డీ పట్టుకోవడం దగ్గర్నుంచి సీడీని చదివే కటకం తుడవడం దాకా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. పని బాగా వచ్చింది వాడికి. ఉద్యోగం ఖాయం కావడం ఒక్కటే మిగిలింది. ఆ కాగితం వచ్చే నెల ఫ్యాన్ల సారు చేతులమీదుగా పోవాలి.

ఈ ఫ్యాన్ల సారు దిగి రెండు నెలలైంది. పంకాల ఫ్యాక్టరీలో పదహారేళ్ళు మోటార్లు పరీక్షించి వచ్చాడు. ఇక్కడ రిపేరైన ప్రతి యంత్రాన్నీ పరీక్షించి ముద్ర వేయడం ఆయన పని. మనిషి చెడ్డవాడేమీ కాదు; చెడ్డవాడైతే తిట్టడం తేలికయ్యేది. తనకు తెలిసిందే లోకమంతా అనుకునే రకం. తెలియని దాని గురించి ఒక్క ప్రశ్న అడిగితే ప్రాణం పోతుందని అనుకుంటారు చూడండి, ఆ రకం.

మిరపక్క కొత్త మోటార్లు బిగించి పంపిన పన్నెండు ప్లేయర్లూ మంగళవారం పొద్దున ఆయన గది నుంచి తిరిగొచ్చాయి. పైన ఒక కాగితం. అందులో ఉన్నదిది: పన్నెండింటిలోనూ మోటార్లు నీరసించి ఉన్నవి. మొదటి అధ్యాయంలో సీడీ నిమిషానికి నాలుగువందల తొంభై అయిదు చుట్లు తిరుగుతోంది, చివరి అధ్యాయానికి వచ్చేసరికి రెండువందల పదిహేనుకు పడిపోతోంది. కొత్త మోటార్లు వేసినట్టు చెప్పి పాతవే ఉంచినట్టు తెలుస్తోంది. బాధ్యురాలిని బల్లమీది నుంచి తప్పించి, సోమవారం నుంచి పాత సామాను విడగొట్టే షెడ్డుకు పంపవలెను.

మిరపక్క రెండుసార్లు చదివింది. స్క్రూడ్రైవరు అప్పుడే బల్లమీదికి వెళ్ళింది.

"పాతవే ఉంచానట! ఇరవై రెండేళ్ళకి నేను దొంగనయ్యానట!"

తమ్ముడు పక్కనుంచి తొంగిచూసి చదివాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, అరవకు. సాయంత్రం మెల్లగా మాట్లాడదాం."

"మెల్లగానా? చదివే చోటు అంచు వైపు పోయేకొద్దీ సీడీ నెమ్మదించకపోతే పాడుతుందట్రా? నెమ్మదించడమే దాని పని! పని చేస్తుంటే రోగమంటాడేంటి ఈయన?"

"పెద్దవాళ్ళతో ఎందుకు చెప్పు. సర్దుకుపోదాం."

సర్దుకుపోవడం అన్న మాట ఆమెకు గిట్టదు. జవాబివ్వకుండా పన్నెండు ప్లేయర్లనూ వరుసగా మూతలు తెరిచి చూసుకుంటూ పోయింది. పదకొండు బాగానే ఉన్నాయి. పన్నెండో దాన్ని చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మోటారుకు లోపలి నుంచి వచ్చే రెండు తీగలూ కత్తిరించి ఉన్నాయి. వాటి బదులు బయటినుంచి రెండు తీగలు తెచ్చి అతికించి, నల్లటేపు చుట్టారు. కాగితం వెనక దాని కథా రాసి ఉంది. మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చి వేగం నాలుగువందల తొంభై అయిదు దగ్గర నిలకడగా నిలిపాడట సారు. అయినా గరగరమంటూ నాలుగు మాటలు పలికి, నిమిషం తిరక్కముందే మూగబోయిందట. కనుక దీనికి కటకం కూడా పాడు.

కటకం పాడట! నడిచే మనిషి కాళ్ళు కట్టేసి, పడ్డాడు గనక కళ్ళు కూడా లేవన్నట్టుంది. ఆ ప్లేయరు ఎవరిదో ఆమెకు తెలుసు. లెక్కల మాస్టారుగా రిటైరై, చూపు పోయి, రోజుకో పుస్తకం వినే పెద్దాయనది. వారంలో రెండుసార్లు ఫోను చేసి "అమ్మా, నా నోరు వచ్చిందా?" అని అడుగుతాడు. ప్లేయర్ని నోరంటాడు ఆయన. సోమవారం కూడా అడిగాడు. "రేపు వస్తుంది మాస్టారూ" అని మాటిచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె గిన్నెలు పెట్టిన చప్పుడుకు పక్కవాటా వాళ్ళు టీవీ గొంతు పెంచుకున్నారు. భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను. మెడలో కొలతల టేపుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పోనీయవే. షెడ్డయితే షెడ్డు. రిటైరవ్వడానికి ఇంకెన్నేళ్ళని?"

"నువ్వు కుట్టిన చొక్కా ఎవడో చింపేసి, చింపిన చోటు చూపించి, కుట్టు రాదు నీకు, పో, బొత్తాలు ఏరుకో అంటే పోతావా?"

ఆయన ఆలోచించాడు. "పోను" అన్నాడు.

"మరి నోరు మూసుకుని ఆ టేపు ఇలా ఇయ్యి."

ఇచ్చాడు. టేపు ఎందుకని అడిగే ధైర్యం చేయలేదు. పాపం, మరుసటి రోజంతా కొలతలు మూరలతో వేసుకున్నాడు.

బుధవారం పొద్దున ఆమె తిన్నగా మేనేజరమ్మ గదికి వెళ్ళింది. ఈ మేనేజరమ్మ పుస్తకాల మనిషి. యంత్రాల జోలికి రాదు. కాగితం కింద సంతకం అడిగితే పెట్టేస్తుంది, ఆ సంతకంతో నష్టపోయే మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఆగుతుంది. మిరపక్క మొహం చూసి ఆగింది.

"మేడమ్, నేను దొంగనైతే షెడ్డుకు కాదు, ఇంటికి పంపండి. కాకపోతే ఆ రాసినాయన నా బల్ల దగ్గరికి రావాలి. మీరూ రావాలి. అరగంట చాలు."

పన్నెండు గంటలకు వెనకగదిలో నలుగురూ చేరారు. మేనేజరమ్మకు కుర్చీ వేశారు. ఫ్యాన్ల సారు తన వేగం కొలిచే పరికరం పట్టుకొచ్చాడు. సీడీ మీద మెరిసే చీటీ ఒకటి అంటించి, ఆ పరికరాన్ని గురిపెడితే, చీటీ ఎన్నిసార్లు ఎదురొచ్చిందో లెక్కేసి నిమిషానికి ఇన్ని చుట్లని చూపిస్తుంది. మంచి పరికరమే. పట్టుకున్న చెయ్యిదే తంటా. తమ్ముడు తన బల్ల దగ్గరే ఉండి, తుడిచిన కటకాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

"సార్, ముందు మీ కొలత తప్పంటున్నానా నేను?" అంది మిరపక్క.

"తప్పెలా అవుతుంది? పరికరం అబద్ధం చెప్పదు."

"చెప్పదు. మొదట్లో నాలుగువందల తొంభై అయిదు, చివర రెండువందల పదిహేను. నిజమే. పన్నెండు మోటార్లూ అచ్చం ఒకేలా ఎలా నీరసించాయని మీకు అనుమానం రాలేదా? పన్నెండు మందికి ఒకే చోట, ఒకే గంటకు, ఒకే జ్వరమా?"

సారు గొంతు సవరించుకున్నాడు. "అన్నీ ఒకే పాత సరుకైతే అలాగే ఉంటుంది. పదహారేళ్ళు మోటార్లు చూసినవాణ్ణమ్మా. లోడు మీద వేగం పడిపోతే అది చచ్చిన మోటారే."

"మీ పంకా గాలి విసరాలి సార్. ఇది చదవాలి."

ఆమె ఒక సీడీని వెల్లకిలా బల్లమీద పెట్టింది. మేనేజరమ్మ వైపు తిరిగింది. అంత కోపంలోనూ నేర్పేటప్పుడు ఆమె గొంతు మారుతుంది, నిదానం వస్తుంది.

"మేడమ్, దీనిమీద చదివేది లోపలినుంచి మొదలై బయటికి పోతుంది. ఒకటే సన్నని దారి, చుట్టలు చుట్టుకుంటూ. ఆ దారి పొడుగునా గుంటలు. లోపలైనా బయటైనా గుంటల కొలత మారదు, అంతే దగ్గరగా ఉంటాయి. బయట చుట్టు పెద్దది కదా, అందులో ఎక్కువ గుంటలు పడతాయి. ఇప్పుడు చూడండి."

దర్జీ టేపు తీసి లోపలి చుట్టు మీద నిలబెట్టి తిప్పింది. పదిహేను సెంటీమీటర్ల ఏడు. బయటి అంచుకు కాస్త లోపలగా ఉన్న చివరి చుట్టు కొలిచింది. ముప్ఫై ఆరున్నరకు కాస్త తక్కువ.

"సార్, మీ మొదటి అంకెని పదిహేను పాయింట్ ఏడుతో హెచ్చవేయండి."

సారు జేబులోంచి కాలిక్యులేటరు తీశాడు. ఏడువేల ఏడువందల డెబ్భై చిల్లర.

"సెంటీమీటర్లు కదా, దాదాపు డెబ్భై ఎనిమిది మీటర్లు. అంటే నిమిషంలో కటకం ముందునుంచి అంత దారి పోయింది. ఇప్పుడు మీ చివరి అంకెని ముప్ఫై ఆరు పాయింట్ నాలుగుతో."

సారు నొక్కాడు. చూశాడు. తుడిచేసి మళ్ళీ నొక్కాడు.

"ఎంతండీ?" అంది మేనేజరమ్మ.

"డెబ్భై ఎనిమిది మీటర్లు."

"చుట్లు సగానికి పైగా తగ్గాయి, దారి తగ్గిందా?" మిరపక్క గొంతు మళ్ళీ లేచింది. "నిమిషానికి డెబ్భై ఎనిమిది మీటర్లు అక్కడా, డెబ్భై ఎనిమిది మీటర్లు ఇక్కడా! చదివే వేగం మారకూడదనే తిరిగే వేగం మారుతోంది. పెద్ద చుట్టుకి అదే జోరుతో తిప్పితే గుంటలు రెండింతలకు పైగా వేగంగా వచ్చి పడతాయి. అన్నేసి వచ్చి పడితే ఏ చెవి వింటుంది? ఏ చిప్పు చదువుతుంది?"

"యాదృచ్ఛికంగా కలిసుండవచ్చు" అన్నాడు సారు. గొంతులో మునుపటి గట్టితనం లేదు, అయినా అన్నాడు.

ఆ మాటకు మిరపక్క పళ్ళు కొరికింది. అద్దం మూత ఉన్న ప్లేయరొకటి ముందుకు లాగి, మెరిసే చీటీ అంటించిన సీడీ వేసి, ఇరవై నాలుగున్నర నిమిషాల దగ్గరికి జరిపింది. ఏదో నవల నడిమధ్యన ఒక ఆడగొంతు చదువుతోంది.

"ఇక్కడ మీరు కొలవలేదు కదా? కొలవండి. నాకు చెప్పకండి. కాగితం మీద రాసి మేడమ్ చేతికివ్వండి."

సారు కొలిచి, రాసి, మడిచి ఇచ్చాడు. మిరపక్క ప్లేయరు వైరు పీకేసింది. కరెంటు పోతే కటకం ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. మూత తెరిచి, సీడీ తీసి, ఇరుసు నడిమి నుంచి కటకం నడిమికి టేపు పెట్టింది. సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు.

"నాలుగు సెంటీమీటర్ల దూరంలో తిరిగే చుట్టు పొడవు పాతికకి ఒక చుక్క ఎక్కువ. డెబ్భై ఎనిమిది మీటర్లని, అంటే ఏడువేల ఎనిమిది వందల సెంటీమీటర్లని, దానితో భాగించండి. మూడువందల పది, పదకొండు వస్తుంది. మేడమ్, మీ చేతిలో ఉన్నది చదవండి."

మేనేజరమ్మ మడత విప్పింది. "మూడువందల పన్నెండు."

మేనేజరమ్మ కాగితాన్నీ టేపునూ మార్చి మార్చి చూసింది.

"మరి మోటారుకి ఎలా తెలుస్తుంది, ఎప్పుడు తగ్గాలో?" అని అడిగింది. రెండు నెలల్లో ఆ గదిలో తెలుసుకోవాలని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

"మోటారుకి ఏమీ తెలీదు మేడమ్. లోపల గడియారంలాంటి స్ఫటికం ఒకటుంది. సీడీ మీదనుంచి వచ్చే గుంటల్ని చిప్పు దాని తాళంతో పోల్చుకుంటుంది. త్వరగా వస్తుంటే మోటారుని తగ్గించమంటుంది, ఆలస్యమైతే తొయ్యమంటుంది. క్షణక్షణం అదే పని. ఆ మాట మోయడానికే ఈ రెండు తీగలు." పన్నెండో ప్లేయర్ని తెచ్చి సారు ముందు ఠపీమని పెట్టింది. "ఇవే ఈయన కత్తిరించింది! నిలకడగా తిప్పాడట! కటకం మిల్లీమీటరైనా జరగకముందే గుంటలు తోసుకొచ్చి చిప్పు చేతులెత్తేసింది. పాడైంది కటకం కాదు. ఒక మాస్టారు దీనికోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, ఆయనకేం చెప్పమంటారు? మా సారు మీ నోరు కోశాడని చెప్పనా?"

ఫ్యాన్ల సారు చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరమ్మ తన పెన్ను మూత తీసి, ఆయన రాసిన కాగితంతో పాటు ఆయన ముందుకు జరిపింది.

"కొట్టేయండి. అంతా. కారణం కూడా మీ చేత్తోనే రాయండి."

సారు వంగి కొట్టేశాడు. కింద కారణం రాయబోయి ఆగాడు. ఓడిపోయిన మనిషికి తోడు కావాలి కదా. తలెత్తి, ఉక్రోషంగా అన్నాడు:

"నేనేం ఊరికే రాయలేదు మేడమ్. శనివారమే అడిగాను. ఇలా తగ్గడం మామూలేనా అని ఈవిడ తమ్ముణ్ణే అడిగాను. మామూలైతే ఆయనే చెప్పేవాడుగా. నాకు తెలీదు సార్, మోటారు లోపమేమో అన్నాడు."

మిరపక్క తమ్ముడి వైపు తిరిగింది. వాడి చేతిలో కటకం తుడిచే దూది ఆగిపోయింది. చుట్లు ఎందుకు తగ్గుతాయో ఆ బల్ల దగ్గరే, ఆ కుర్చీలోనే వాడికి చెప్పింది ఆమె. అర్థం కాలేదంటే మూడు రోజులు చెప్పింది. నాలుగో రోజు వాడే తిరిగి ఆమెకు చెప్పి, సరిగా చెప్పానా అక్కా అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

సారు కారణం రాశాక మేనేజరమ్మా ఆయనా వెళ్ళిపోయారు. కారణం బాగానే రాశాడు, ఒక్క తప్పు లేదు. ఇద్దరే మిగిలారు.

"అక్కా" అన్నాడు తమ్ముడు. "నా కాగితం ఆయన చేతిలో ఉంది. కాదంటే ఎక్కడ కోపమొస్తుందోనని. నిన్ను షెడ్డుకి పంపమంటాడని నేననుకోలేదక్కా. నాకు తెలుసు. మొత్తం తెలుసు."

ఆమె కేకలు వేస్తుందని వాడు భుజాలు బిగించుకున్నాడు. ఆమె కేక వేయలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ గది ఆమె గొంతు అంత కిందికి దిగడం వినలేదు.

"ఆయన తెలీక రాశాడు. తప్పని చూపించాను, కొట్టేశాడు. నువ్వు తెలిసీ అన్నావు. నీకు నేనేం చూపించనురా?"

మిరపక్క స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని, కుర్చీని వాడికి వీపు పెట్టి తిప్పుకుని, మాస్టారి ప్లేయరు తీగల చుట్టూ ఉన్న నల్లటేపు ఊడదీయడం మొదలుపెట్టింది.